టైలు కింద ఏం అంటుకుంది? సిమెంటు బెడ్డు, అడ్హెసివ్, సందులు, డొల్ల చప్పుడు

హాలు పొడవు 6 మీటర్లు, వెడల్పు 4.2 మీటర్లు. అందులో 600 మి.మీ. చదరపు విట్రిఫైడ్ టైల్స్ పరిచి ఏడాది కూడా కాలేదు. ఒక మధ్యాహ్నం ఠప్పుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే హాలు మధ్యలో పక్కపక్కనున్న రెండు వరసల టైల్స్ అంచులు పైకి లేచి, ఒకదానికొకటి ఆనుకుని గుడారంలా నిలబడి ఉన్నాయి. కింద నీళ్లు లేవు, పైన ఎవరూ బరువు పడేయలేదు. నన్ను పిలిచింది మర్నాడు.

లేచిన టైల్‌ని రెండు చేతులతో ఎత్తాను. బరువు తప్ప ఏ పట్టూ లేదు. తిప్పి చూస్తే వెనక భాగం పెట్టెలోంచి అప్పుడే తీసినంత శుభ్రంగా ఉంది. కింద నేల చూస్తే, టైల్ వెనకుండే గళ్ల గీతలన్నీ, కంపెనీ అచ్చు అక్షరాలతో సహా, సిమెంటు మీద తిరగేసి దిగి ఉన్నాయి. అంటే పరిచినప్పుడు టైల్ కింద ఎక్కడా ఖాళీ లేదు. సిమెంటు ప్రతి గీతలోకీ వెళ్లింది. అయినా పట్టుకోలేదు.

ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నదంతా ఆ అచ్చులోనే ఉంది. టైల్ కింద నిండా ఉండటం వేరు, టైల్ అంటుకుని ఉండటం వేరు. "అడ్హెసివ్ మంచిదా, సిమెంటు మంచిదా" అని అడిగేటప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి కాబట్టే జవాబు ఎప్పుడూ గజిబిజిగా వస్తుంది.

రెండు పనులు, ఒకే మాలు

నేల మీద టైల్ నిలవాలంటే రెండు పనులు జరగాలి. ఒకటి, ఎగుడుదిగుడుగా ఉన్న స్లాబుని మట్టానికి తేవడం. రెండు, టైల్‌ని ఆ మట్టానికి అంటించడం. పాత పద్ధతిలో మేస్త్రీలు ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తారు. ఒక వంతు సిమెంటుకి నాలుగు నుంచి ఆరు వంతుల ఇసుక కలిపి, పొడిపొడిగా, పిడికిట్లో పిసికితే ముద్దయ్యేంత తడితో మాలు పరుస్తారు. దాని మందం 25 నుంచి 50 మి.మీ. దాకా ఉంటుంది. టైల్ పెట్టి రబ్బరు సుత్తితో కొట్టి మట్టం చూసుకుంటారు. మళ్లీ ఎత్తి, మాలు మీద నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు పాలు పోసి, టైల్‌ని తిరిగి దించుతారు. మాలు మట్టం చూసుకుంటుంది, పాలు అంటిస్తాయి.

నీళ్లు పీల్చే టైల్స్‌తో ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. కాల్చిన మట్టి టైల్, సిమెంటు టైల్, చాలా రకాల రాళ్ల వెనక భాగంలో సన్నటి రంధ్రాలుంటాయి. పాలల్లోని నీటితో పాటు సిమెంటు రేణువులు ఆ రంధ్రాల్లోకి దూరి, అక్కడే గట్టిపడి, వేళ్లలా పట్టుకుంటాయి. మామూలు సిమెంటు పట్టు ప్రధానంగా ఇలాంటిదే. అది జిగురు కాదు, కొక్కెం.

విట్రిఫైడ్ టైల్‌కి ఆ కొక్కెం తగిలే చోటే లేదు. అది నీళ్లు పీల్చేది దాని బరువులో అర శాతం లోపే. ఇది మీరే చూడొచ్చు. టైల్‌ని బోర్లించి, వెనక మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి పది నిమిషాలు ఆగండి. మట్టి టైల్ మీద చుక్క కాసేపట్లో మాయమై తడి మచ్చ మిగులుతుంది. విట్రిఫైడ్ మీద చుక్క చుక్కలాగే నిలబడుతుంది. నీరే వెళ్లని చోటికి సిమెంటు ఎలా వెళ్తుంది?

దీనికి తోడు, పాలల్లో నీళ్లు ఎక్కువ. సిమెంటు గట్టిపడటానికి కావాల్సిన నీళ్లు పోగా మిగిలినవి ఎండేటప్పుడు ఆ పొర కుంచించుకుపోతుంది. పట్టు లేని నున్నటి ఉపరితలం కింద పొర కుంచించుకుంటే, టైల్‌కీ దానికీ మధ్య వెంట్రుకవాసి ఎడం వస్తుంది. అది కంటికి కనపడదు. మొదటి కొన్ని నెలలు చప్పుడులో కూడా తెలియకపోవచ్చు.

అడ్హెసివ్ చేసే పని, చేయలేని పని

టైల్ అడ్హెసివ్ అని బస్తాల్లో అమ్మేది కూడా సిమెంటు, సన్నటి ఇసుకే. అందులో కలిపే పాలిమర్ పొడి, నీటిని పట్టి ఉంచే పదార్థం దాన్ని వేరే వస్తువుగా మారుస్తాయి. పాలిమర్ ఆరేకొద్దీ రబ్బరు లాంటి సన్నటి పొరలా సాగి, రంధ్రాలు లేని ఉపరితలానికి కూడా అంటుకుంటుంది. కొంచెం సాగే గుణం ఉంటుంది కాబట్టి కింద స్లాబు కాస్త కదిలినా పట్టు తేలిగ్గా తెగదు. అంతర్జాతీయ వర్గీకరణలో సి1 అంటే మామూలు రకం, చదరపు మి.మీ.కి కనీసం 0.5 న్యూటన్ల పట్టు. సి2 అంటే దానికి రెట్టింపు. విట్రిఫైడ్ టైల్‌కి, అందులోనూ పెద్ద సైజుకి, సి2 రకమే తీసుకోవాలని నా అభిప్రాయం.

అయితే అది మట్టం సరిచేసే మాలు కాదు. మామూలు అడ్హెసివ్‌ని టైల్ కింద నొక్కాక 3 నుంచి 6 మి.మీ. మందంలో ఉండేలా తయారు చేస్తారు. పల్లం ఉన్న చోట 20 మి.మీ. మందంగా పెడితే, మందమైన చోట ఎక్కువ కుంచించుకుని టైల్ మూలని కిందకి లాగుతుంది. రాత్రి మట్టంగా ఉన్న నేల వారం తర్వాత మూలల్లో కాలికి తగులుతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

అందుకే సరైన ప్రశ్న "సిమెంటా, అడ్హెసివా" కాదు. ముందు మట్టం కోసం సిమెంటు మాలుతో బెడ్డు, తర్వాత దాని మీద అడ్హెసివ్. ఈ రెండింటి మధ్య కొన్ని రోజుల ఎడం. బెడ్డుని విడిగా వేసి, పట్టీతో లాగి, వారం రోజులు తడుపుతూ గట్టిపడనిచ్చి, తర్వాత బాగా ఆరనివ్వాలి. 28 రోజులు ఆగగలిగితే ఇంకా మేలు, ఎందుకంటే కుంచించుకోవడంలో ఎక్కువ భాగం టైల్ ఎక్కకముందే అయిపోతుంది. రెండు మీటర్ల పట్టీ పెట్టి చూస్తే కింద ఎక్కడా 3 మి.మీ. మించి సందు కనపడకూడదు. మేకుతో గట్టిగా గీస్తే తెల్లటి గీత పడాలి గానీ ఇసుక రాలకూడదు. ఇసుక రాలే బెడ్డు మీద ఎంత ఖరీదైన అడ్హెసివ్ వేసినా, అది పట్టుకునేది ఆ రాలే ఇసుకనే.

కొందరు మధ్యేమార్గంగా పచ్చి మాలు మీద అడ్హెసివ్ పొడి చల్లి, నీళ్లు చిలకరించి టైల్ దించుతారు. ఇది రెంటికీ చెడిన పద్ధతి. పొడికి సరిపడా నీళ్లు అందాయో లేదో తెలియదు, పాలిమర్ కలిసిందో లేదో తెలియదు. పచ్చి బెడ్డు మీదే వేయక తప్పని పరిస్థితి అయితే, అడ్హెసివ్‌ని ముద్దగా కలిపి టైల్ వెనక మొత్తం పలచగా పూసి దించడం నయం. అప్పుడు కనీసం నున్నటి టైల్‌ని ముట్టుకునేది పాలిమర్ ఉన్న పొర అవుతుంది.

ఇక అడ్హెసివ్ పూసే తీరు. ఫలితాన్ని తేల్చేది ఎక్కువగా ఇదే. బస్తా మీద రాసిన కొలతకి నీళ్లు తీసుకుని, నీళ్లలో పొడి వేసి కలపాలి. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఒకసారి కలపాలి. గట్టిపడటం మొదలయ్యాక నీళ్లు పోసి మెత్తబరచకూడదు, అలా చేస్తే పట్టు చచ్చిపోతుంది. బెడ్డు మీద దుమ్ము తుడిచాక, ముందు తాపీ నున్నటి వైపుతో పలచగా రుద్ది పట్టించాలి. తర్వాత పళ్ల తాపీతో దువ్వాలి. 600 మి.మీ. టైల్‌కి 10 మి.మీ. పళ్లు సరిపోతాయి. గీతలన్నీ ఒకే దిశలో, తిన్నగా ఉండాలి. అర్ధచంద్రాకారంగా, సుడులు తిప్పినట్టు గీస్తే చూడటానికి బాగుంటుంది గానీ గాలి బయటకి పోయే దారి ఉండదు, టైల్ కింద బుడగలు చిక్కుకుపోతాయి. టైల్ పెట్టాక ఆ గీతలకి అడ్డంగా ముందుకీ వెనక్కీ ఒక గీత వెడల్పున జరుపుతూ నొక్కితే, కట్టలు కూలి పక్క కాలవల్లోకి నిండుతాయి. టైల్ వెనక కూడా పలచటి పూత ఇవ్వాలి.

ఆ పూతకి ముందు టైల్ వెనక తడి స్పాంజితో తుడవాలి. చాలా టైల్స్ వెనక తెల్లటి పొడి ఉంటుంది. కొలిమిలో రోలర్లకి అతుక్కోకుండా వేసే పూత అది. వేలితో రాస్తే వేలికి అంటుతుంది. దాన్ని తుడవకపోతే అడ్హెసివ్ ఆ పొడినే పట్టుకుంటుంది, టైల్‌ని కాదు.

దువ్విన అడ్హెసివ్ కూడా ఎంతోసేపు నిలవదు. మామూలు రకానికి 20 నిమిషాలు లెక్క. ఎండ, గాలి తగిలే చోట పదికే పైన తోలు కట్టేస్తుంది. వేలితో తాకితే వేలికి అంటాలి. అంటకపోతే గీకి పారేసి మళ్లీ పూయాలి. మేస్త్రి నాలుగు టైల్స్‌కి సరిపడా ఒకేసారి దువ్వి, ఫోన్ మాట్లాడి వచ్చాడంటే, ఆ నాలుగింటిలో చివరి రెండింటి గురించి నాకు టెన్షన్ మొదలవుతుంది.

పని జరుగుతుండగానే చేయగలిగిన గట్టి పరీక్ష ఒకటుంది. ఇప్పుడే నొక్కిన టైల్‌ని మూల పట్టి ఎత్తి తిప్పి చూడటం. అడ్హెసివ్ వెనక మొత్తానికి అంటి, గీతలు కలిసిపోయి ఉంటే సరే. చారలు చారలుగా అంటి మధ్యలో టైల్ కనపడుతుంటే, నొక్కుడు చాలలేదనో పళ్లు చిన్నవనో అర్థం. పొడిగా ఉండే లోపలి గదుల్లో కనీసం 80 శాతం, బాత్రూముల్లో, ఆరుబయట 95 శాతం అంటుకోవాలని పాటించే ప్రమాణం. మూలలు నాలుగూ ఎక్కడైనా సరే తప్పనిసరిగా నిండాలి. ఉదయం మొదటి టైల్, మధ్యాహ్నం ఒకటి, కొత్తగా కలిపిన ప్రతి బకెట్‌కీ ఒకటి ఎత్తి చూడమని నేను అడుగుతాను. మేస్త్రి కాస్త విసుక్కుంటాడు. కానీ తడిగా ఉన్నప్పుడు ఎత్తితే పోయేది రెండు నిమిషాలు, ఎండాక ఎత్తితే పోయేది టైలే.

బస్తాల లెక్క కూడా ఒక ఆధారం. 10 మి.మీ. పళ్లతో దువ్వి, వెనక పూత ఇస్తే చదరపు మీటరుకి సుమారు ఆరేడు కిలోల పొడి పడుతుంది. ఈ హాలు 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 160 కిలోలు, 20 కిలోల బస్తాలు ఎనిమిదో తొమ్మిదో. నాలుగు బస్తాలతో పని అయిపోయిందంటే, పళ్ల తాపీ వాడలేదు. ఐదు ముద్దలు పెట్టి అతికించారు. ఆ ముద్దల మధ్య అంతా గాలే.

మరి సిమెంటు బెడ్డు మీదే నేరుగా వేయదగ్గవి లేవా? ఉన్నాయి. ఒక్కో పలక ఒక్కో మందంలో వచ్చే సహజమైన రాయికి, నీళ్లు పీల్చే మట్టి పలకలకి మందమైన బెడ్డే అనువు, ఎందుకంటే ప్రతి పలకకీ కింద మందం సర్దాలి. అక్కడ కూడా పాలు పల్చగా గుమ్మరించకుండా, చిక్కటి ముద్దగా రాయి వెనక పూస్తే బాగా పట్టుకుంటుంది.

సందు ఎందుకు

మొదటి హాలుకి తిరిగొద్దాం. టైల్స్ అంటుకోలేదు సరే, కానీ లేచి నిలబడటానికి బలం ఎక్కడిది? అంటుకోని టైల్ ఊరికే పడి ఉండొచ్చు కదా. ఈ జవాబు కోసం సందులు చూడాలి. అక్కడ సందులే లేవు. టైల్‌కి టైల్ ఆనించి, పూర్తి 6 మీటర్లలో సరిగ్గా పది టైల్స్ గోడ నుంచి గోడ దాకా బిగించారు. ఇంటివాళ్లకి గీతలు కనపడకుండా అద్దంలా ఉండాలని కోరిక. కోరిక అర్థమవుతుంది, కానీ లెక్క ఒప్పుకోదు.

లెక్క చేసి చూద్దాం. కొత్త కాంక్రీటు ఎండేకొద్దీ నెలల తరబడి కుంచించుకుంటుంది. అందులో టైల్స్ పరిచాక మిగిలిన భాగం మీటరుకి 0.2 మి.మీ. మాత్రమే అనుకుందాం. 6 మీటర్లకి 1.2 మి.మీ. మరోపక్క, కిటికీ ఎండ పడి టైల్స్ కింది స్లాబు కంటే 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాయనుకుందాం. విట్రిఫైడ్ టైల్ డిగ్రీకి మీటరులో సుమారు 0.007 మి.మీ. వ్యాకోచిస్తుంది. 6 మీటర్లు, 15 డిగ్రీలు అంటే 0.63 మి.మీ. నేల తగ్గింది, టైల్స్ పెరిగాయి. రెండూ కలిపితే టైల్స్ వరస తనకున్న చోటు కంటే సుమారు 1.8 మి.మీ. పొడవైంది.

రెండు మి.మీ. కూడా కాదు, దానికేముందనిపిస్తుంది. ఇప్పుడు ఆ 1.8 మి.మీ. మొత్తం రెండు టైల్స్ మధ్య గుడారంగా లేచిందనుకోండి. ఒక్కో టైల్ 600 మి.మీ., అది నిలవడానికి నేల మీద మిగిలిన చోటు 599.1 మి.మీ. స్కూల్లో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్కే:

```
h = √(600² − 599.1²) ≈ 33
```

33 మి.మీ. ఎత్తు! 1.8 మి.మీ. పొడవు ఎక్కువైతే, పైకి లేచేది బొటనవేలి వెడల్పు దాటి. ఆ హాల్లో నేను టేపు పెట్టి కొలిచింది 30కి కాస్త పైన. ఠప్పుమన్న చప్పుడు కూడా ఇందుకే. నెలల తరబడి ఒత్తిడి పేరుకుని, పట్టు అన్నిటికంటే బలహీనంగా ఉన్న చోట ఒక్క క్షణంలో బయటపడుతుంది.

కాబట్టి సందు అందం కోసమో, అందులో నింపే గ్రౌట్ అమ్మకం కోసమో కాదు. అంచులు యంత్రంతో సరిచేసిన టైల్స్‌కి కనీసం 2 మి.మీ., సౌకర్యంగా 3 మి.మీ. స్పేసర్లు పెట్టాలి. ఒకే పెట్టెలోని టైల్స్ కూడా సైజులో సరిగ్గా సమానంగా ఉండవు, మి.మీ.లో భిన్నాల తేడా ఉంటుంది. స్పేసర్ లేకుండా ఆనించి పరిస్తే ఆ తేడా టైల్ టైల్‌కీ పేరుకుని, పదో టైల్ దగ్గర గీత పక్క వరసతో కలవదు. సందులో 3 మి.మీ. ఉంటే ప్రతిచోటా కాస్త సర్దుకోవచ్చు. అంచులు సరిచేయని టైల్స్ అయితే సైజు తేడా ఇంకా ఎక్కువ కాబట్టి సందు కూడా 3 నుంచి 5 మి.మీ. దాకా పెంచాలి.

అయితే సిమెంటు గ్రౌట్ నింపిన సందు వ్యాకోచం మొత్తాన్నీ మింగేస్తుందనుకోవద్దు. గ్రౌట్ గట్టిపడుతుంది. టైల్ కంటే మెత్తనిది కాబట్టి కొంత ఒత్తిడి తీసుకుంటుంది, అంతే. అసలు ఊపిరి ఆడేది గోడ పక్కన వదిలే ఖాళీలో. నాలుగు గోడలు, స్తంభాలు, గడపల దగ్గర 6 నుంచి 8 మి.మీ. ఖాళీ వదిలి, అందులో మాలు, గ్రౌట్ పడకుండా చూసి, ఖాళీగానో మెత్తటి సీలెంట్‌తోనో ఉంచాలి. పైన స్కర్టింగ్ వస్తుంది, అది ఖాళీని కప్పేస్తుంది. గీత లేని నేల కావాలన్నవాళ్లకి కూడా ఇక్కడ అభ్యంతరం ఉండదు, కనపడదు కాబట్టి. కానీ పని చివర్లో చెత్తా గ్రౌటూ ఊడ్చి ఆ ఖాళీలోకే నెట్టడం చాలాచోట్ల చూశాను. అప్పుడు ఖాళీ ఉన్నా లేనట్టే.

పెద్ద గదుల్లో గోడ పక్క ఖాళీ ఒక్కటే చాలదు. లోపల అయితే 8 మీటర్లకోసారి, ఎండ పడే చోట, ఆరుబయట ఇంకా దగ్గరగా, 3 నుంచి 4 మీటర్లకోసారి ఒక సందుని గ్రౌట్ బదులు సాగే సీలెంట్‌తో నింపాలి. కింద స్లాబులోనో బెడ్డులోనో ఇప్పటికే జాయింటు ఉంటే, సరిగ్గా దాని పైనే టైల్ సందు రావాలి. దాన్ని దాటి టైల్ వేస్తే, కింది గీత ఏదో ఒక రోజు టైల్ మీద పగులుగా కనిపిస్తుంది.

చప్పుడు ఏం చెప్తుంది, ఏం చెప్పదు

డొల్ల చూడటానికి పరికరం పెద్దదేం కాదు. నాణెం, చెక్క కర్ర, చిన్న రబ్బరు పిడి సుత్తి, ఏదైనా ఒకటే వాడాలి, మధ్యలో మార్చకూడదు. నిండుగా ఉన్న చోట చప్పుడు పొట్టిగా, బిగువుగా ఠక్కుమంటుంది. కింద ఖాళీ ఉన్న చోట డబ్బుమని కాస్త సాగుతుంది. ఒక్కో టైల్‌కి నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యలు, నడిమి భాగం కలిపి తొమ్మిది చోట్ల తట్టి, తేడా ఉన్న చోటుని పెన్సిల్‌తో చుట్టాలి. గది మొత్తం అయ్యాక లేచి నిలబడి చూస్తే, చుట్టిన గుర్తులు చెల్లాచెదురుగా ఉన్నాయా, ఒకే చోట గుంపుగా ఉన్నాయా అన్నది కనపడుతుంది. గుంపుగా ఉంటే ఆ భాగంలో ఏదో జరిగింది: అడ్హెసివ్ తోలు కట్టి ఉండొచ్చు, బెడ్డు పల్లంగా ఉండొచ్చు, ఆరకముందే ఎవరో నడిచి ఉండొచ్చు.

వేసిన రోజే తట్టి నిర్ణయానికి రాకూడదు. పచ్చిగా ఉన్న అడ్హెసివ్ మెత్తగా మోగుతుంది. మూడు రోజులు ఆగి, గ్రౌట్ నింపక ముందే తట్టాలి. గ్రౌట్ వేశాక డొల్ల దొరికితే, ఒక టైల్ తీయడానికి నాలుగు పక్కలా గ్రౌట్ కోయాలి.

డబ్బుమన్న ప్రతి చోటూ తప్పు కాదు. నేల కింద చప్పుడు తగ్గించే షీటు పరిచినా, బెడ్డు మందంగా ఉండి ఇసుక ఎక్కువైనా, అంటిన టైల్ కూడా కాస్త ఖాళీగానే మోగుతుంది. అప్పుడు గదిలో సగటు చప్పుడేమిటో ముందు చెవికి పట్టించుకుని, దానికంటే తేడాగా ఉన్నవాటినే గుర్తించాలి. టైల్ నడిమిలో అరచేతిలో సగం డొల్ల ఉంటే వదిలేయొచ్చని నా అనుభవం. మూలలో అంతే డొల్ల ఉంటే వదలను. కుర్చీ కాలు, మంచం కాలు, కింద పడే గిన్నె, ఏ బరువైనా మూల మీద పడితే కింద ఆసరా లేని మూల పుటుక్కుమని విరుగుతుంది. నడిమి భాగాన్ని చుట్టూ ఉన్న పట్టు కాస్తుంది, మూలని కాసేది ఏదీ లేదు.

ఇక, ఆ హాల్లో నేను నేర్చుకున్నది. మొత్తం 70 టైల్స్. ఎనిమిది లేచాయి లేదా పూర్తిగా వదులయ్యాయి. మిగతావి తట్టి చూస్తే 19 మొత్తం డొల్ల, 14 మూలల్లో మాత్రమే డొల్ల, 29 బిగువుగా ఠక్కుమన్నాయి. ఇంటాయన ఆశగా, "ఆ ఇరవై తొమ్మిదీ ఉంచేయొచ్చు కదండీ?" అన్నారు. మాకూ అదే అనిపించింది. అయినా నమ్మకం కోసం బాగా మోగిన వాటిలో ఒకదాని అంచు కింద సన్నటి ఉలి దూర్చి మెల్లగా లేపాం. పెద్ద కష్టం లేకుండా, ఒక్క ముక్కగా, వెనక శుభ్రంగా లేచి వచ్చింది. ఇంకోటి లేపాం, అదీ అంతే.

అంటే చప్పుడు కింద ఖాళీ ఉందో లేదో చెప్తుంది, పట్టు ఉందో లేదో చెప్పదు. కింద నిండుగా సిమెంటు ఉండి, టైల్‌ని ముట్టుకుంటూ ఉంటే, అంటకపోయినా బిగువుగానే మోగుతుంది. విట్రిఫైడ్ టైల్‌ని సిమెంటు పాల మీద వేసిన నేలల్లో ఈ తేడా మనిషిని మోసం చేస్తుంది. తట్టి చూసి బాగుంది అనుకుంటాం, ఎండాకాలం వచ్చేదాకా అది బాగానే ఉంటుంది. అందుకే పాత నేలని పరీక్షించేటప్పుడు బాగా మోగినవాటిలో కూడా ఒకటి రెండు లేపి వెనక చూడాలి.

డొల్లలోకి సన్నటి రంధ్రం ద్వారా ఎపాక్సీ ఎక్కించి నింపే పద్ధతి ఉంది. టైల్ చుట్టూ బాగా అంటి, ఒక మూల మాత్రమే ఖాళీగా ఉన్నప్పుడు అది పనికొస్తుంది. మొత్తం వదులైన టైల్ కింద, దుమ్ము ఉన్న చోట ఎక్కిస్తే దుమ్ముని దుమ్ముకి అంటించినట్టే. ఆ హాలుకి అది సరిపోదని చెప్పి, మొత్తం లేపమన్నాను.

మళ్లీ పరిచినప్పుడు

టైల్స్ చాలావరకు పగలకుండా వచ్చాయి, పట్టు లేకపోవడం వల్ల కలిగిన ఒకే ఒక్క లాభం అది. బెడ్డుని మేకుతో గీసి చూశాం, గట్టిగానే ఉంది. పైన అద్దంలా నున్నగా ఉన్న పాల పొరని మాత్రం గ్రైండరుతో గీకి తీసేశాం, ఆ పొర కింద ఇసుక గరుకు కనపడేదాకా. పల్లాలు రెండు చోట్ల నింపి ఆరబెట్టాం.

ఇప్పుడు పది టైల్స్ గోడ నుంచి గోడకి సరిపోవు. రెండు గోడల దగ్గరా 8 మి.మీ. చొప్పున 16 పోతే 5,984 మి.మీ. మిగిలింది. పది టైల్స్ మధ్య తొమ్మిది సందులు, ఒక్కోటి 3 మి.మీ., మొత్తం 27. టైల్స్‌కి మిగిలింది 5,957. అంటే వరసకి 43 మి.మీ. కోయాలి. ఒకే పక్క కోస్తే ఎబ్బెట్టుగా కనపడుతుందని, రెండు చివరి టైల్స్ నుంచి సమానంగా ఇరవై ఒకటిన్నర చొప్పున కోశారు. పరిచాక ఎవరూ కనిపెట్టలేరు. అడ్డం వైపు కూడా ఇదే లెక్క వేసి కోశారు. నేల పాతదానికంటే కాస్త ఎత్తు పెరిగింది కాబట్టి రెండు తలుపుల అడుగు చిత్రిక పట్టాల్సి వచ్చింది. ఇది ముందే చూసుకోకపోతే తలుపు మూసేటప్పుడు తెలుస్తుంది.

పాత టైల్సే కాబట్టి వెనక భాగం ప్రతిదీ కడిగి ఆరబెట్టి, పలచగా పూసి, బెడ్డు మీద తిన్నగా దువ్విన అడ్హెసివ్‌లో నొక్కారు. ఎనిమిదిన్నర బస్తాలు పట్టాయి. మేస్త్రి మొదటి రోజు మూడు టైల్స్ నాకు ఎత్తి చూపించాడు, రెండో రోజు నేను అడగకుండానే ఒకటి ఎత్తి, తిప్పి చూసి, "ఈ మూల చాల్లేదు సార్" అని తానే ఇంకొంచెం పూసి దించాడు.

నాలుగో రోజు ఉదయం తట్టాం. 70లో మూడు చోట్ల చప్పుడు తేడాగా ఉంది: రెండు నడిమిలో చిన్నవి, ఒకటి గుమ్మం దగ్గర మూల. నడిమివి రెండూ పెన్సిల్ గుర్తు చెరిపి వదిలేశాం. గుమ్మం దగ్గరది తీయించాం. సగం దాకా ఉలి దిగాక టైల్ మూడు ముక్కలైంది. ముక్కల వెనక అడ్హెసివ్ నిండా పట్టుకుని ఉంది, ఆ మూల ఒక్కటి తప్ప. కొత్త టైల్ పెట్టి, మూడు రోజులు దాని మీద ఎవరూ నడవకుండా అడ్డంగా బల్ల వేసి, ఆ తర్వాతే గ్రౌట్ కలిపారు.